నల్లా తిప్పితే నీళ్లెన్ని పోయాయి?

ఇరవై లీటర్ల వాటర్ క్యాన్‌ని నల్లా కింద పెట్టారు. నల్లాకు ముందు పైపులో చిన్న ఫ్లో మీటరు ఉంది, దాని తీగ ఆర్డ్యూనో బోర్డుకు వెళ్తోంది. క్యాన్ నిండింది. తెర మీద మాత్రం 2.2 లీటర్లు అని ఉంది. మీటరు మార్చి చూశారు. అదే 2.2. ఇలాంటప్పుడు చాలామంది మీటరు నాసిరకందని తీర్మానించేస్తారు. మీటరు తన పని సరిగ్గానే చేసింది. లెక్క పెట్టాల్సిన ప్రోగ్రామే ఆ సమయానికి వేరే పనిలో ఉంది.

మన బజార్లలో అభిరుచిగా ఎలక్ట్రానిక్స్ చేసేవాళ్లు ఎక్కువగా కొనేది YF-S201 అనే అరంగుళం నల్లని ప్లాస్టిక్ మీటరు. లోపల చిన్న చక్రం, ఆ చక్రంలో అయస్కాంతం ఉంటాయి. నీళ్లు తోసుకుంటూ పోతుంటే చక్రం తిరుగుతుంది. గోడకు అవతల, నీళ్లు తగలని చోట హాల్ సెన్సర్ కూర్చుని ఉంటుంది. అయస్కాంతం దగ్గరికొస్తే విద్యుత్తు తీరు మారుతుందని 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టాడు. ఆ గుణం మీదే ఈ సెన్సర్ పనిచేస్తుంది. అయస్కాంతం ఎదురుగా వచ్చి వెళ్లిన ప్రతిసారీ పసుపు తీగ మీద వోల్టేజి ఒకసారి లేచి పడుతుంది. అదే పల్స్. ఎర్ర తీగకు 5 వోల్టులు, నల్ల తీగ గ్రౌండుకు కలిపితే చాలు.

తయారీదారు ఇచ్చే సూత్రం చిన్నది: సెకనుకు వచ్చే పల్స్‌లు = 7.5 × నిమిషానికి పోయే లీటర్లు. అంటే లీటరుకు 450 పల్స్‌లు. నీటి లెక్కంతా ఈ పల్స్‌లను ఒక్కటీ వదలకుండా పట్టుకోవడంలోనే ఉంది.

మన క్యాన్ నిమిషానికి 12 లీటర్ల ధారతో నిండిందనుకుందాం. 100 సెకన్లు పడుతుంది. సెకనుకు 90 పల్స్‌లు, మొత్తం 9,000 రావాలి. ఒక పల్స్‌కీ ఇంకో పల్స్‌కీ మధ్య 11 మిల్లీసెకన్లు. అందులో సగం సేపు తీగ పై వోల్టేజిలో, సగం సేపు కింది వోల్టేజిలో ఉంటుంది.

ప్రోగ్రాం మొదటిసారి రాసేవాళ్లకు సహజంగా తట్టే పద్ధతి పోలింగ్. లూపు తిరిగిన ప్రతిసారీ పసుపు తీగ వైపు ఒకసారి చూడటం, కిందటిసారి పైన ఉండి ఇప్పుడు కిందికొస్తే లెక్కలో ఒకటి కలపడం. లూపులో వేరే పనేమీ లేకపోతే ఇది చక్కగా నడుస్తుంది. కానీ అదే లూపులో ఉష్ణోగ్రత సెన్సర్ చదవాలి, డిస్‌ప్లే మీద అంకెలు రాయాలి. ఇవన్నీ కలిసి ఒక చుట్టుకు 40 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. అంటే సెకనుకు 25 సార్లే తీగ వైపు చూస్తున్నాం. వచ్చేవేమో 90 పల్స్‌లు.

ఇక్కడ జరిగేది కొన్ని పల్స్‌లు జారిపోవడం మాత్రమే కాదు. రెండు చూపుల మధ్య 3.6 పల్స్‌లు గడిచిపోతాయి. అందులో 3 పూర్తయినవి కాబట్టి వాటి జాడ ఉండదు, ఆ మిగులు 0.6 మాత్రమే ప్రోగ్రాం కంట పడుతుంది. అలా చూపు చూపుకీ వరస వేసుకుంటూ పోతే తీగ పైన, కింద, పైన, కింద, పైన అని కనిపించి, మళ్లీ మొదటికొస్తుంది. ఐదు చూపులకు రెండు దిగుళ్లు. సెకనుకు 10. నూరు సెకన్లకు 1,000. దాన్ని 450తో భాగిస్తే వచ్చేది ఆ 2.2 లీటర్లే.

పోనీ, తక్కువ చూపిస్తోంది కదా, తొమ్మిదితో గుణించి సరిపెట్టుకుందామా? అదీ కుదరదు. నల్లా కాస్త తగ్గించి నిమిషానికి 10 లీటర్లకు తెస్తే సెకనుకు 75 పల్స్‌లు. ఒక్కో చుట్టులో సరిగ్గా మూడు పల్స్‌లు ముగుస్తాయి, చూసిన ప్రతిసారీ తీగ ఒకే తీరున ఉంటుంది. మీటరు సున్నా చూపిస్తుంది, నీళ్లు మాత్రం ధారాళంగా పోతూనే ఉంటాయి. అదే నల్లాను నిమిషానికి లీటరున్నర లోపుకు తగ్గిస్తే పల్స్‌లు సెకనుకు పదకొండో, అంతకన్నా తక్కువో ఉంటాయి, 25 చూపులకు అవన్నీ చిక్కుతాయి, లెక్క కచ్చితంగా వస్తుంది. నా దృష్టిలో ఈ పద్ధతిలోని అసలు ప్రమాదం ఇదే. బల్ల మీద సన్నని ధారతో పరీక్షించినవాళ్లకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. పైపుకు బిగించి నల్లా పూర్తిగా తిప్పాకే తప్పు మొదలవుతుంది. ఆ తప్పు ధారతో పాటు మారుతుంది కాబట్టి ఏ గుణకంతోనూ దాన్ని దిద్దలేం.

వంటింట్లో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే మనిషిని తలుచుకోండి. పక్క గదిలో బట్టలు మడతపెడుతున్నా విజిల్ చెవినపడుతుంది, మనసులో ‘రెండు’ అనుకుని మళ్లీ బట్టల్లో పడిపోతారు. నిమిషానికోసారి వంటింట్లోకి వెళ్లి తొంగి చూడరు. ఇంటరప్ట్ అంటే ఇదే ఏర్పాటు.

ఆర్డ్యూనో ఊనోలో ఉండే ATmega328P చిప్‌కు 2, 3 నంబర్ల పిన్నులు ఈ పనికే ప్రత్యేకం. తీగ మీద వోల్టేజి పడగానే, ప్రోగ్రాం ఏం చేస్తున్నా సరే, చిప్‌లోని ఒక జెండా బిట్టు లేస్తుంది. చిప్ చేతిలో ఉన్న ఆదేశం పూర్తిచేసి, ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని, మనం చెప్పిన చిన్న ఫంక్షన్‌కు వెళ్లి వస్తుంది. ఆ రాకపోకలకు పట్టేది కొద్ది మైక్రోసెకన్లే. ఈ మీటరు గరిష్ఠ ప్రవాహం నిమిషానికి 30 లీటర్లు. అప్పుడు కూడా వచ్చేది సెకనుకు 225 పల్స్‌లు. చిప్‌కు అది లెక్కలోకి రాని భారం.

```
volatile unsigned long pulses = 0;

void countPulse() {
  pulses++;
}

void setup() {
  Serial.begin(9600);
  pinMode(2, INPUT_PULLUP);
  attachInterrupt(digitalPinToInterrupt(2),
                  countPulse, FALLING);
}

void loop() {
  noInterrupts();
  unsigned long n = pulses;
  interrupts();
  Serial.println(n / 450.0);
  delay(1000);
}
```

లూపు చివర్లో సెకను పాటు ఊరకే నిలబడే `delay(1000)` చూశారా? పోలింగ్‌లో అయితే ఆ ఒక్క వరస లెక్కను ముంచేసేది. ఇక్కడ దానివల్ల ఏమీ పోదు, ఆ సెకనులో వచ్చిన 90 పల్స్‌లూ `countPulse` లెక్కలో పడతాయి. ఆ ఫంక్షన్‌లో ఒకే ఒక్క వరస ఉండటం కావాలని చేసిందే. భాగహారాలు, తెర మీద రాతలు అందులో పెడితే అది పూర్తయ్యేలోగా తర్వాతి పల్స్‌లు వచ్చిపడతాయి. జెండా ఒక్కటే కాబట్టి చిప్ ఎదురుచూస్తున్న పల్స్‌ను ఒక్కదాన్నే గుర్తుంచుకోగలదు. రెండోది వస్తే అది పోయినట్టే.

`volatile` అన్న మాట, లెక్కను ఇంటరప్ట్ మారుస్తుంటుందని, చూసిన ప్రతిసారీ మెమరీ నుంచి కొత్తగా తెచ్చుకోమని కంపైలరుకు చెబుతుంది. ఇంతవరకు చాలామంది రాస్తారు. వదిలేసేది ఆ తర్వాతి `noInterrupts()` జతను. ఈ చిప్ ఒకసారికి ఎనిమిది బిట్లే చదవగలదు, మన లెక్కేమో 32 బిట్లది. నాలుగు ముక్కలుగా చదవాలి. లెక్క 255 దగ్గర ఉందనుకోండి. కింది ముక్కలో 255, దాని పై ముక్కలో సున్నా. ప్రోగ్రాం కింది ముక్క చదివి 255 తీసుకుంది. సరిగ్గా ఆ క్షణంలో పల్స్ వచ్చింది, లెక్క 256 అయింది. ఇప్పుడు కింది ముక్క సున్నా, పై ముక్క ఒకటి. ప్రోగ్రాం తిరిగొచ్చి పై ముక్కలో ఒకటి చదువుకుంది. పాత 255, కొత్త 256 కలిపి 511 అనుకుంది. తెర మీద ఉన్నట్టుండి అర లీటరుకు పైగా పెరిగి, మరు సెకనులో మళ్లీ తగ్గిపోతుంది. పోయిన నీళ్ల మొత్తం ఎప్పుడైనా వెనక్కి తగ్గినట్టు కనిపిస్తే కారణం వెతకాల్సింది ఇక్కడే. ఎప్పుడో ఒకసారి జరుగుతుంది కాబట్టి పరీక్షల్లో దొరకదు. చదివే ఆ కొద్ది మైక్రోసెకన్లు ఇంటరప్ట్‌ను ఆపితే సరి. ఈలోగా పల్స్ వచ్చినా జెండా లేచే ఉంటుంది, తలుపు తెరవగానే లెక్కలో పడుతుంది.

ఇంటరప్ట్‌కు ఒక బలహీనత ఉంది. నీటి పల్సా, తీగలో పుట్టిన దుమారమా అన్నది దానికి తెలియదు, వోల్టేజి పడితే చాలు లెక్కేస్తుంది. పసుపు తీగను పొడుగ్గా లాగి మోటారు వైరు పక్కనుంచి తీసుకెళ్తే నల్లా కట్టేసినా లెక్క నడుస్తుంది. దీన్ని పసిగట్టే గుర్తు ఒకటుంది. నల్లా కట్టి ఉండగా మీటరు నిమిషానికి 6.7 లీటర్ల దగ్గర నిలకడగా నిలబడితే, అది సెకనుకు 50 పల్స్‌లన్న మాట. మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్. అంటే ఆ పల్స్‌లు కరెంటు తీగలోంచి వస్తున్నాయి. తీగను దూరంగా జరపాలి, షీల్డు ఉన్న కేబుల్ వాడాలి. సెన్సర్ తీగకూ 5 వోల్టులకూ మధ్య 4.7 కిలోఓమ్ రెసిస్టర్ పెడితే, చిప్ లోపలి బలహీనమైన పుల్-అప్ కన్నా గట్టిగా పట్టి ఉంచుతుంది. మోటారు ఆన్ చేసినప్పుడు పుట్టే దొంగ పల్స్‌లకు ఫంక్షన్‌లోనే కళ్లెం వేయవచ్చు. ఈ మీటరులో నిజమైన పల్స్‌లు 4 మిల్లీసెకన్ల కన్నా దగ్గరగా రావు కాబట్టి, కిందటి పల్స్ తర్వాత 2 మిల్లీసెకన్ల లోపు వచ్చిందాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

పల్స్‌లన్నీ దొరికాక 450 అన్న అంకెను కూడా నమ్మి కూర్చోకూడదు. ఈ తరహా చవక మీటర్లలో ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉంటుంది, బిగించిన తీరును బట్టీ మారుతుంది. అదే క్యాన్‌ను ఖాళీగా ఒకసారి, నింపి ఒకసారి కాటా మీద తూచండి. కిలో నీళ్లంటే లీటరే. 20 కిలోల నీటికి 8,640 పల్స్‌లు వస్తే మీ మీటరుకు లీటరుకు 432. ఇంట్లో మామూలుగా వాడే ధారతోనే ఈ తూకం చేయాలి. ఎందుకంటే సన్నటి ధారకు చక్రం బద్ధకిస్తుంది, నిమిషానికి లీటరు లోపు ప్రవాహానికి ఈ మీటరు హామీ లేదు. కారే నల్లా చుక్కలకు చక్రం అసలు కదలదు, కదలని చక్రం నుంచి పల్స్‌లు ఏ ప్రోగ్రామూ రాబట్టలేదు.

చివరిగా, మీటరును ఎక్కడ బిగించాలన్నది. నీళ్లు విడతల వారీగా వదిలే ఊళ్లలో మున్సిపల్ పైపులోంచి ముందు గాలి తన్నుకొస్తుంది. చక్రానికి గాలైనా నీరైనా ఒకటే, తిరుగుతుంది, గాలికి ఇంకా వేగంగా తిరుగుతుంది. ఇంటరప్ట్ నిజాయతీగా ఆ పల్స్‌లన్నీ లెక్కేస్తుంది. నల్లా వచ్చే వేళ తొలి నిమిషాల్లో లీటర్లు అమాంతం పెరిగిపోతుంటే, చేతి కింద బకెట్లో అన్ని నీళ్లు పడకపోతుంటే, కారణం గాలే. అపార్ట్‌మెంట్లలో ఏ ఫ్లాటు ఎన్ని నీళ్లు వాడిందో తేల్చడానికి పెట్టేవాళ్లు మీటరును వీధి లైనుకు కాక, డాబా మీది ట్యాంకు నుంచి ఫ్లాటుకు దిగే పైపుకు బిగించడం మేలు. ట్యాంకులో నీళ్లున్నంతసేపూ ఆ పైపు నిండుగానే ఉంటుంది.