అనువాదానికి మాటల లెక్క

వాషింగ్ మెషీన్ మాన్యువల్‌ను తెలుగు చేయాలంటే ధర ఇంగ్లిష్ మాటల మీదే కట్టాలి. ‘డు నాట్ ఓపెన్ ద డోర్’ అయిదు మాటలు. ‘తలుపు తెరవకండి’ రెండే. తెలుగులో లెక్కిస్తే అనువాదకుడికి నష్టం.

మాన్యువల్‌లో 6,000 మాటలు, వాటిలో మళ్లీ మళ్లీ వచ్చే వాక్యాలవి 1,500 అనుకుందాం. మాటకు 2 రూపాయల చొప్పున కొత్తవాటికి 9,000; పాతవాటికి అందులో 30 శాతమే తీసుకుంటే 900. ఉచితంగా మాత్రం చేయకూడదు. ‘ఓపెన్’ ఒకచోట ‘తెరవండి’, ఇంకోచోట ‘తెరిచి ఉంది’ అవుతుంది, ప్రతిదీ చూసుకోవాల్సిందే.

స్కాన్ పేజీల్లోని పట్టికలు తిరిగి గీయడానికి మూడు గంటలు పడితే, గంటకు 400 చొప్పున 1,200. రోజుకు 2,000 మాటలు చేసేవారికి ఇది మూడు రోజుల పని. రెండు రోజుల్లోనే కావాలంటే అనువాద ధర 9,900 మీద 25 శాతం, అంటే 2,475 అదనం. మొత్తం బిల్లు 13,575 రూపాయలు.