మీకు తెలుసా? బాలింత కన్నీళ్లకు పద్నాలుగో రోజే గీత

మూడో రోజు ఏడుపు మామూలే

కాన్పయిన రెండు మూడు రోజులకు చాలామంది బాలింతలకు కారణం లేకుండానే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. బిడ్డను చూసి మురిసిపోతూనే ఏడ్చేస్తారు, చిన్న మాటకే చిరాకు పడతారు, గంట గడిస్తే మళ్లీ నవ్వుతారు. దీన్నే డాక్టర్లు బేబీ బ్లూస్ అంటారు. సగం మందికి పైగా తల్లుల్లో కనిపిస్తుంది. తొమ్మిది నెలలూ ఎక్కువగా ఉన్న ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు కాన్పు కాగానే ఒక్కసారిగా పడిపోవడం, నొప్పులు, నిద్ర లేకపోవడం అన్నీ కలిసి ఇందుకు దారితీస్తాయి. నాలుగైదు రోజులప్పుడు బాగా ఎక్కువై, రెండు వారాల్లోపు దానంతట అదే తగ్గిపోతుంది. మందులు అక్కర్లేదు. నిద్ర, ఆసరా, ఓపికగా వినే మనిషి ఉంటే చాలు.

రెండు వారాలు దాటితే పేరు మారుతుంది

అదే దిగులు రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు ఉంటే అది ప్రసవానంతర కుంగుబాటు, అంటే పోస్ట్‌పార్టమ్ డిప్రెషన్ కావచ్చు. ఇది బ్లూస్‌కు కొనసాగింపుగానే రావాలని లేదు. కడుపుతో ఉన్నప్పుడే మొదలవ్వచ్చు, కాన్పయ్యాక ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, బాలింతల్లో సుమారు 22 శాతం మందిలో ఈ లక్షణాలు కనిపించాయి.

కృష్ణా డెల్టాలో తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి వెళ్తుంది. అప్పటిదాకా రాత్రిళ్లు బిడ్డను ఎత్తుకున్న అమ్మ పక్కన ఉండదు. అందుకే 'పురుడు బాగానే జరిగింది, ఇక భయం లేదు' అనుకోకుండా ఆ రోజుల్లోనూ ఒక కన్నేసి ఉంచాలి.

పథ్యం మాటున దాగే లక్షణాలు

బాలింత అన్నం తినకపోతే పథ్యం సహించడం లేదంటాం. లేవలేకపోతే పచ్చి బాలింత కదా, నీరసం అంటాం. ముభావంగా ఉంటే దిష్టి తగిలిందంటాం. ఈ మాటల మధ్య జబ్బు నెలల తరబడి బయటపడదు. దాన్ని పట్టించే గుర్తు నిద్రలో ఉంది. బిడ్డ నిద్రపోయి, ఎత్తుకునే మనుషులుండి, ఒళ్లు అలసిపోయి ఉన్నా ఆమెకు నిద్ర పట్టకపోతే అనుమానించాలి.

దాంతోపాటు దేనిమీదా ఆసక్తి లేకపోవడం, 'నేను మంచి తల్లిని కాను' అని పదేపదే అనడం, బిడ్డకు ఏదో అవుతుందని తెరిపి లేని భయం, లేదా బిడ్డ మీద ఏ భావమూ కలగకపోవడం ముఖ్యమైన గుర్తులు. ఏడుపే ఉండాలని లేదు. కొందరు ఏడవరు, మాట మానేస్తారు.

పది ప్రశ్నల కొలబద్ద

1987లో బ్రిటన్‌లో కాక్స్, హోల్డెన్, సగోవ్‌స్కీ అనే ముగ్గురు పరిశోధకులు బాలింతల కోసం ఎడిన్‌బర్గ్ స్కేల్ తయారుచేశారు. గడిచిన ఏడు రోజుల గురించి పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 30.

ఉదాహరణకు ఉయ్యూరు దగ్గర పల్లెలో పుట్టింట ఉన్న ఒక అమ్మాయిని అనుకుందాం. నాలుగో రోజు పాలు సరిగా పడక ఏడ్చింది, సాయంత్రానికి చెల్లెలితో నవ్వుతూ మాట్లాడింది. అది బ్లూస్. ఇరవై ఒకటో రోజు ఊయలలో వేసే వేడుకకు చుట్టాలొస్తే గోడకానుకుని కూర్చుంది, ఎవరు పలకరించినా బదులు లేదు. అప్పటికి పది రోజులుగా నిద్ర లేదు. 28వ రోజు ప్రశ్నలు అడిగితే నిద్రకు 2, తనను తాను నిందించుకోవడానికి 2, దిగులుకు 2, పనులు చేతకాకపోవడానికి 2, ఇలా మొత్తం 15 వచ్చింది. 13 లేదా అంతకు మించి వస్తే డాక్టరు తప్పనిసరిగా చూడాలి. అంతకంటే తక్కువ వచ్చినా అనుమానముంటే రెండు వారాల తర్వాత మళ్లీ అడగాలి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచన గురించి. దానికి 0 కాకుండా ఏది వచ్చినా, మొత్తం ఎంత ఉన్నా, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఈ స్కేల్ జబ్బును నిర్ధారించదు. ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో మాత్రం చెబుతుంది.

ఆశా వచ్చే రోజులే అడిగే రోజులు

ఆసుపత్రిలో కాన్పయి ఇంటికి వచ్చిన తల్లీబిడ్డలను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూడాలన్నది జాతీయ ఆరోగ్య మిషన్ నిబంధన. ఈ రోజులు బిడ్డ బరువు, బొడ్డు, పాలు చూడటానికి పెట్టినవే అయినా, తల్లి మనసు గురించి అడగడానికీ సరిగ్గా సరిపోతాయి. మూడో రోజు కన్నీళ్లు బ్లూస్ కావచ్చు. పద్నాలుగో రోజుకు తగ్గాయా లేదా అన్నదే తేల్చాలి. 42వ రోజు ఇంకోసారి అడగాలి. గదిలో అత్తగారు, చుట్టాలు లేనప్పుడు అడిగితేనే నిజం బయటికొస్తుంది.

చికిత్సలో ఏం చేస్తారు?

ముందు రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేస్తారు, ఎందుకంటే ఆ రెండూ ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి. తక్కువ తీవ్రతలో కొన్ని వారాల పాటు కౌన్సెలింగ్, దాంతోపాటు రాత్రి ఒక విడత బిడ్డను వేరేవాళ్లు చూసుకుని తల్లికి నాలుగైదు గంటలు ఏకబిగిన నిద్ర దక్కేలా చూడటం సరిపోవచ్చు. తీవ్రత ఎక్కువైతే మందులు ఇస్తారు. పాలిచ్చే తల్లులకు ఎక్కువగా సెర్ట్రలిన్ రాస్తారు. అది పాలలోకి చాలా కొద్దిగానే వెళ్తుంది, కాబట్టి పాలు మాన్పించనవసరం లేదు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తేలిక పడగానే ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది, బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఆమెకు గానీ రక్తసంబంధీకులకు గానీ గతంలో బైపోలార్ జబ్బు ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. అలాంటివారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదం రావచ్చు.

ఆగకూడని పరిస్థితి

వెయ్యి మందిలో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, సైకోసిస్ వస్తుంది. రాత్రులు నిద్ర లేకున్నా అలసట తెలియకపోవడం, లేని మాటలు వినిపించడం, ఇంట్లోవాళ్ల మీద అనుమానం, అయోమయం దీని గుర్తులు. గాలి సోకిందని తాయెత్తుల కోసం తిరగకండి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా 108కి ఫోన్ చేయండి. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చేర్చాల్సి వస్తే బిడ్డ దూరమవుతుందని భయపడకండి. మూడేళ్ల లోపు బిడ్డను చికిత్సలో ఉన్న తల్లి నుంచి సాధారణంగా వేరుచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

ఇంట్లో బాలింత ఉంటే కాలెండర్‌లో పద్నాలుగో రోజుకు గుర్తు పెట్టుకోండి. ఆ రోజు ఆమెతో ఒంటరిగా కూర్చుని 'నిద్ర పడుతోందా అమ్మా?' అని అడగండి. పట్టడం లేదంటే టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.