ఎన్ని కిలోలు అమ్మితే గట్టెక్కుతాం?

బ్యాంకు అప్పు కోసం రాసుకున్న ఒక పచ్చళ్ల వ్యాపారం ప్లాన్ చూద్దాం. కిలో ధర 400 రూపాయలు. సరుకులు, సీసా, ప్యాకింగ్ కలిపి కిలోకు 280 ఖర్చు పోతే మిగిలేది 120. అద్దె, జీతాల వంటి స్థిర ఖర్చులు నెలకు 36,000. దాన్ని 120తో భాగిస్తే 300 కిలోలు. అదే బ్రేక్ ఈవెన్. అమ్మకాల అంచనా 400 కిలోలు కాబట్టి భద్రతా మార్జిన్ 100 కిలోలు, అంటే 25 శాతం. చూడటానికి బాగానే ఉంది.

ఇప్పుడు స్థిర ఖర్చుల జాబితాను ఒక్కో పద్దు మీద వేలు పెట్టి చదవండి. అందులో అప్పు మీద వడ్డీ లేదు, యజమాని జీతమూ లేదు. ఆ రెండిటికీ 9,000 చేరిస్తే బ్రేక్ ఈవెన్ 375 కిలోలకు ఎగబాకుతుంది. మార్జిన్ 25 కిలోలే, ఆరు శాతం చిల్లర. అమ్మకాలు అంతకు మించి తగ్గితే నష్టమే. తగ్గకపోయినా మిగిలేది 3,000. అసలు వాయిదా అందులోంచే కట్టాలి. ఇలాంటి ప్లాన్‌ను నమ్మి అప్పు పత్రం మీద సంతకం పెట్టకండి.