పరీక్షకుని కంటితో ఒక అధ్యాయం

న్యూఢిల్లీ: లోక్‌సభలో ప్రశ్నోత్తరాల వేళ మంత్రిగారి చేతిలో రెండు రకాల కాగితాలుంటాయి. ఒకటి సభ ముందుంచిన లిఖితపూర్వక సమాధానం. అది అందరికీ అందుబాటులో ఉండేదే. రెండవది అనుబంధ ప్రశ్నల కోసం శాఖాధికారులు తయారుచేసి ఇచ్చిన నోటు. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు పదిహేను రోజుల ముందే నోటీసు ఉంటుంది గనుక సమాధానం వ్రాయడం అంత కష్టం కాదు. ఆ సమాధానంలోని ఏ మాటను పట్టుకొని ఏ సభ్యుడు లేచి ఏమడుగుతాడో పసిగట్టడమే కష్టం. అనుభవం గల అధికారి ఇందుకోసం సభ్యుల మనస్సులను శోధిస్తూ కూర్చోడు. తాను వ్రాసి ఇచ్చిన సమాధానాన్నే ఎదుటి పక్షంవాని కంటితో మళ్ళీ చదువుతాడు. ప్రశ్నలన్నీ అందులోనే దొరుకుతాయి.

పరిశోధన విద్యార్థులకు జరిగే మౌఖిక పరీక్షకు, అనగా వైవాకు, ఇదే పద్ధతి ఎంతవరకు పనికివస్తుందో ఇటీవల దగ్గరగా చూసే అవకాశం కలిగింది. కరీంనగర్ జిల్లానుంచి వచ్చి ఇక్కడి ఒక విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రంలో పరిశోధన ముగించిన ఒక అమ్మాయి, పోర్టల్‌లో అప్‌లోడ్ చేసిన తన గ్రంథంలోని నాలుగవ అధ్యాయాన్ని నాకు పంపింది. పార్లమెంటు బిల్లులను స్థాయీ సంఘాల పరిశీలనకు పంపడం ఎందుకు తగ్గిందన్నది ఆ అధ్యాయంలోని విషయం. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టభద్రుడనేగాని నేను పరిశోధకుడను కాను. అయితే ఆ సంఘాలు పుట్టిన నాటినుంచి వాటి సంగతులు వింటూ ఉన్నవాడిని. "వైవాకు ఇంకా మూడు వారాలున్నదండీ. ఇద్దరు పరీక్షకులూ డిగ్రీ ఇవ్వవచ్చుననే వ్రాశారు. కాని ఒకరు నాలుగవ అధ్యాయపు నిర్ధారణలకు ఆధారాలు చాలునా అన్నది వైవాలో వివరించమన్నారు" అన్నది ఆమె. ఒక కళాశాలలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ దగ్గరపడుతున్నది. అప్పటికి డిగ్రీ చేతికి రాకపోతే ఆ అవకాశం పోతుంది.

2022 నవంబరులో యూజీసీ ప్రకటించిన నిబంధనల ప్రకారం గ్రంథాన్ని గైడుతోపాటు విశ్వవిద్యాలయానికి చెందని ఇద్దరు నిపుణులు పరీక్షించాలి. వారి నివేదికలు అనుకూలంగా ఉంటేనే వైవా జరుగుతుంది. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు వైవాకు హాజరు కావాలి. కనుక అక్కడ ప్రశ్నించే వ్యక్తి గ్రంథాన్ని ముందే చదివి, తన సందేహాలను కాగితంమీద పెట్టినవాడు. ప్రశ్నలను ఊహించడానికి మొదటి ఆధారం ఆ నివేదికే. అందులోని ప్రతి విమర్శా వైవాలో ప్రశ్నగా మారుతుంది. అనుభవజ్ఞులైన ముప్పైమంది పరీక్షకులను ప్రశ్నించి ఆస్ట్రేలియాలో చేసిన ఒక అధ్యయనం 2002లో వెలువడింది. పరీక్షకులు మొదటి ఒకటి రెండు అధ్యాయాలు పూర్తయ్యేసరికే గ్రంథంమీద ఒక అభిప్రాయానికి వస్తారని అందులో తేలింది. సారాంశం, ఉపోద్ఘాతం, ముగింపు, ఆధార గ్రంథాల జాబితాలను వారు ప్రత్యేకంగా గమనిస్తారు. అందుచేత మేమూ అధ్యాయాన్ని వరుసగా చదవలేదు. మొదటి పేజీ, చివరి పేజీ, పట్టికలు చూసి, ఆ తరువాతనే మధ్యభాగంలోకి వెళ్ళాము.

పెన్సిలు పట్టుకొని మూడు రకాల వాక్యాలకు గుర్తు పెట్టమన్నాను. అంకె ఉన్న వాక్యం. "అందువలన" అని కారణం చెప్పే వాక్యం. "మొదటిసారిగా", "ఎన్నడూ", "అన్నీ" అని హద్దులు చెరిపే వాక్యం. ప్రతిదాని పక్కనా ఒక ప్రశ్న వ్రాసి, దానికి సమాధానం గ్రంథంలో ఏ పేజీలో ఉన్నదో ఆ సంఖ్య వేయాలి. పేజీ సంఖ్య దొరకని చోటు బలహీనమైన చోటు. ముప్పైకి పైగా వాక్యాలు తేలాయి. చాలావాటికి సమాధానాలు గ్రంథంలోనే ఉన్నాయి. మూడు మాత్రం మిగిలిపోయాయి.

మొదటిది అంకెకు సంబంధించినది. 14వ లోక్‌సభ కాలంలో బిల్లులలో 60 శాతం, 15వ లోక్‌సభలో 71 శాతం సంఘాలకు వెళ్ళాయని, 17వ లోక్‌సభలో అది 16 శాతానికి పడిపోయిందని ఢిల్లీలోని పీఆర్ఎస్ సంస్థ లెక్కలు చెబుతాయి. 16వ లోక్‌సభకు మాత్రం ప్రచురితమైన వ్యాసాలలో 25 అని కొన్నిచోట్ల, 27 అని కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఆమె పట్టికలో 25 ఉన్నది, ముగింపులో 27 ఉన్నది. ఇటువంటి చోటునే పరీక్షకుని వేలు ఆగుతుంది. అయితే అచ్చుతప్పు అని చెప్పి ఊరుకుంటే సరిపోదు, అసలు ప్రశ్న హారంలో ఉన్నది. ద్రవ్య వినిమయ బిల్లులు, ఏటేటా వచ్చే ఫైనాన్స్ బిల్లులు మామూలుగా సంఘాలకు వెళ్ళవు. వాటిని లెక్కలో చేర్చారా, తీసివేశారా? ఉదాహరణకు 200 బిల్లులలో 40 సంఘాలకు వెళ్ళాయనుకుందాము. అది 20 శాతం. ఆ 200లో ఇటువంటి ఆర్థిక బిల్లులు 40 ఉండి, వాటిని తీసివేస్తే హారం 160 అవుతుంది, ఫలితం 25 శాతం అవుతుంది. సంఘాలకు వెళ్ళిన బిల్లులలో ఒక్కటీ పెరగలేదు, శాతం మాత్రం పెరిగింది. సెలెక్ట్ కమిటీలకు, సంయుక్త సంఘాలకు పంపిన బిల్లులను లవంలో చేర్చారా అన్నది దీనికి తోబుట్టువు వంటి ప్రశ్న. ఆమె రెండు రోజులు కూర్చొని ఒకే నియమంతో పట్టికను తిరిగి లెక్కవేసింది. అంకెలు కొంచెం మారినా పతనం అలాగే ఉన్నది. ఈ రెండవ పట్టికను ఒక కాగితంమీద వ్రాసి వైవాకు తీసుకుపోవాలని నిశ్చయించుకున్నది. సమర్పించిన గ్రంథాన్ని దొంగచాటుగా మార్చరాదు. తప్పొప్పుల పట్టిక ఒకటి తయారుచేసుకొని అడగకముందే అందించడం మర్యాద.

రెండవ బలహీనత కారణానికి సంబంధించినది. ఒకే పార్టీకి సంపూర్ణ మెజారిటీ రావడం వలననే బిల్లులు సంఘాలకు వెళ్ళడం తగ్గిందని అధ్యాయం తీర్మానించింది. 2014లోనూ 2019లోనూ ఒకే పార్టీకి మెజారిటీ వచ్చింది, అంకె అప్పుడే పడిపోయింది. వినడానికి సబబుగానే ఉన్నది. కాని శాఖలవారీ స్థాయీ సంఘాలు ఏర్పడినది 1993లో, పీవీ నరసింహారావుగారు ప్రధానిగా ఉన్నప్పుడు. అంతకుముందు ఒకే పార్టీకి మెజారిటీ ఉన్న రోజులలో ఈ సంఘాలు లేవు. సంఘాలు వచ్చిన తరువాత 2014 దాకా ఎన్నికలలో అటువంటి మెజారిటీ ఏ పార్టీకీ రాలేదు. అంటే ఆమె చేతిలో ఉన్నది ఒక్క మలుపు మాత్రమే. ఆ మలుపులో మెజారిటీతోపాటు పాలక పక్షమూ మారింది, నాయకత్వమూ మారింది. వాటిలో ఏది కారణమో ఈ అంకెలు విడదీసి చెప్పలేవు. పైగా 2024లో ఏ పార్టీకీ సొంత మెజారిటీ రాలేదు. ఆ ఆగస్టులో వక్ఫ్ సవరణ బిల్లు, డిసెంబరులో జమిలి ఎన్నికల రాజ్యాంగ సవరణ బిల్లు సంయుక్త సంఘాలకు వెళ్ళాయి. ఇవి ఆమె వాదానికి బలమా? శాఖలవారీ సంఘాలకు వెళ్ళలేదు గనుక ఎదురు సాక్ష్యమా? ఈ ప్రశ్న వేసినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

మూడవది ఇంకా లోతైనది. అధ్యాయం 2020నాటి మూడు వ్యవసాయ చట్టాలను ముఖ్య నిదర్శనంగా చూపింది. అవి సంఘాలకు వెళ్ళకుండానే ఆ సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదం పొందాయి, 2021 నవంబరులో రద్దయ్యాయి. అయితే అవి మొదట ఆ జూన్‌లో ఆర్డినెన్సులుగా వచ్చాయి. రాజ్యాంగంలోని 123వ అధికరణం ప్రకారం సభలు తిరిగి సమావేశమైన ఆరు వారాలకు ఆర్డినెన్సు గడువు తీరుతుంది. ఆ లోపల బిల్లు చట్టం కావాలంటే సంఘానికి పంపి నివేదికకోసం వేచి ఉండే వ్యవధి సామాన్యంగా దొరకదు. కనుక కొన్ని బిల్లులు సంఘానికి వెళ్ళకపోవడానికి మూలం సభలో కాక, అంతకుముందే ఆర్డినెన్సు మార్గం ఎంచుకోవడంలో ఉండవచ్చును. ఆమె పట్టికలో ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన బిల్లులు విడిగా లేవు. వాటిని వేరుచేస్తే వాదం కూలిపోనక్కరలేదు, పదునెక్కవచ్చును కూడా. కాని వేరుచేయలేదన్న సంగతిని పరీక్షకునికంటే ముందు తానే చెప్పాలి.

ఇక సమాధానాల సంగతి. ఆమె మొదట పూర్తి పేరాలు వ్రాసి కంఠస్థం చేయబోయింది. "చూడమ్మా, వల్లెవేసిన జవాబు ప్రశ్న రవ్వంత మారితే తడబడుతుంది" అన్నాను. పేరాల బదులు ఒక్కొక్క బలహీనతకు మూడు వాక్యాలు చాలుననుకున్నాము: అధ్యాయం వాస్తవంగా ఏమి నిరూపించింది, ఏది నిరూపించలేదు, దాన్ని నిరూపించాలంటే ఏ సమాచారం కావాలి. మెజారిటీ గురించి ఆమె చివరకు చెప్పదలచినది ఇది: "2014 తరువాత పతనం జరిగినదన్నంతవరకు నా లెక్క నిలుస్తుంది. మెజారిటీయే కారణమన్నది అనుమానం మాత్రమే, నిర్ధారణ కాదు. రాష్ట్ర శాసనసభలలో ఇటువంటి సంఘాలున్న చోట్ల మెజారిటీ వచ్చిన కాలాన్నీ, రాని కాలాన్నీ పోల్చితే గాని తేలదు."

ఊహించిన ప్రశ్నలలో ఏవి గట్టివో, ఏవి బోలువో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉన్నది. అధ్యాయం చదవకుండానే అడగగలిగిన ప్రశ్న అయితే దానివలన పెద్ద మేలు లేదు. "మీ పరిశోధన ప్రాముఖ్యమేమిటి?" అన్నది ఎవరినైనా అడగవచ్చును. ఆమె మొదటి జాబితాలో సగం ఇటువంటివే. తనకు తాను వేసుకునే ప్రశ్నలు మెత్తగా ఉండడం సహజం. అందుకే ఆ విషయం తెలిసి, తన గైడు కాని మరొకరు అధ్యాయం చదవడం అవసరమవుతుంది.

వైవా గంటన్నర జరిగినదట. హారం గురించి, మెజారిటీ గురించి అడిగారు. రెండవ పట్టికను పరీక్షకుడు తీసుకొని చూశారు. ఆర్డినెన్సుల ప్రశ్న రాలేదు. మేము ఊహించనిది ఒకటి వచ్చింది: "స్థాయీ సంఘాల సమావేశాలు బహిరంగంగా జరగవు గదా, అక్కడ బిల్లును నిజంగా పరిశీలించారని మీకెలా తెలుసు?" దానికి ఆమె వద్ద సిద్ధంగా జవాబు లేదు. కాని ఆ మూడు వాక్యాల పద్ధతి అలవాటై ఉన్నది. తాను లెక్కించినది బిల్లు సంఘానికి వెళ్ళిందా లేదా అన్నదేననీ, పరిశీలన నాణ్యతను లెక్కించలేదనీ, దానికి సంఘం సిఫారసులను ఆమోదం పొందిన చట్టంతో పోల్చి చూడాలనీ చెప్పింది. డిగ్రీకి సిఫారసు చేశారు. ముగింపులోని "వలననే" అన్న మాటను "తరువాత" అని దిద్దమన్నారు.