మ్యాక్‌లో స్క్రీన్‌షాట్ తీసి నేరుగా ఐప్యాడ్‌లో పేస్ట్ చేయడం ఎలా?

మ్యాక్‌లో తీసిన స్క్రీన్‌షాట్ పక్కనే ఉన్న ఐప్యాడ్‌లోకో ఐఫోన్‌లోకో పంపాలంటే మనలో చాలామంది వాట్సాప్‌లో మనకి మనమే పంపుకుంటాం. అంత అవసరం లేదు, కాపీ-పేస్ట్ చాలు.

ఒక ఎగ్జాంపుల్ చూద్దాం. మ్యాక్‌లో ఆన్‌లైన్ క్లాస్ నడుస్తోంది, స్లైడ్ మీద ఒక సర్క్యూట్ డయాగ్రమ్ ఉంది. అది ఐప్యాడ్ నోట్స్‌లో కావాలి. మామూలుగా కమాండ్, షిఫ్ట్, 4 నొక్కితే ఫొటో డెస్క్‌టాప్ మీద ఫైల్‌గా సేవ్ అవుతుంది కదా. వాటితో పాటు కంట్రోల్ కూడా కలిపి నొక్కండి. కర్సర్ ప్లస్ గుర్తులా మారుతుంది, డయాగ్రమ్ చుట్టూ డ్రాగ్ చేసి వదలండి. ఇప్పుడు ఫైల్ రాదు, ఫొటో క్లిప్‌బోర్డ్‌లోకి వెళ్తుంది. ఐప్యాడ్‌లో నోట్ ఓపెన్ చేసి, ఖాళీ చోట కాసేపు నొక్కిపట్టి Paste అనండి. డయాగ్రమ్ వచ్చేస్తుంది.

దీన్ని యూనివర్సల్ క్లిప్‌బోర్డ్ అంటారు, 2016 నుంచీ ఉంది. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏంటంటే, మీరు కాపీ చేయగానే ఫొటో ఐప్యాడ్‌లోకి వెళ్లిపోదు. "నా దగ్గర కొత్తది ఒకటి ఉంది" అని మ్యాక్ బ్లూటూత్‌లో చెప్తుందంతే. మీరు పేస్ట్ నొక్కాకే అసలు ఫొటో వస్తుంది. అందుకే పేస్ట్ అయ్యేదాకా మ్యాక్ మూత వేయకండి. మధ్యలో ఇంకేదైనా కాపీ చేస్తే ఫొటో పోతుంది, ఎక్కువసేపు ఆగితే ఐప్యాడ్‌లో పేస్ట్ అవ్వదు. డెస్క్‌టాప్ మీద ఫైల్ కూడా లేదు కాబట్టి, పోతే తిరిగి దొరకడం కష్టం. ముఖ్యమైన స్లైడ్ అయితే వెంటనే పేస్ట్ చేసేయండి.

పేస్ట్ చేస్తే పాత టెక్స్ట్ వస్తోందా? ముందు మ్యాక్‌లోనే నోట్స్ తెరిచి కమాండ్, V నొక్కి చూడండి. అక్కడా రాకపోతే కంట్రోల్ సరిగ్గా నొక్కలేదని అర్థం. అక్కడ వచ్చి ఐప్యాడ్‌లో రాకపోతే ప్రాబ్లమ్ కనెక్షన్‌లో ఉంది. రెండింట్లోనూ ఒకే ఆపిల్ అకౌంట్ ఉండాలి, వైఫై, బ్లూటూత్ ఆన్‌లో ఉండాలి, రెండూ సుమారు 10 మీటర్లలోపు ఉండాలి. హ్యాండాఫ్ కూడా ఆన్ చేయాలి. మ్యాక్‌లో System Settings, General, AirDrop & Handoff లోకి వెళ్లండి. ఐప్యాడ్‌లో Settings, General లో AirPlay & Handoff అని ఉంటుంది, కొత్త వెర్షన్లలో AirPlay & Continuity. ఆండ్రాయిడ్ ఫోన్‌కి మాత్రం ఇది పనిచేయదు.

చివరిగా ఒక జాగ్రత్త. స్క్రీన్‌షాటే కాదు, మీరు కాపీ చేసిన పాస్‌వర్డ్ కూడా ఇలాగే పక్క డివైస్‌లో పేస్ట్ అవుతుంది. మీ అకౌంట్‌తో ఉన్న ఐప్యాడ్ ఇంట్లో తమ్ముడో చెల్లో వాడుతుంటే, ఆ ఐప్యాడ్‌లో హ్యాండాఫ్ ఆఫ్ చేసేయండి.

డౌట్స్ ఉంటే కామెంట్‌లో అడగండి. ఇంకో వీడియోలో కలుద్దాం, బై.