ఫోన్‌లో నెట్ లేకపోయినా హోటల్ చేరొచ్చు

శంషాబాద్‌లో అర్ధరాత్రి దాటాక విమానం ఎక్కితే, తెల్లవారే వేళకు బ్యాంకాక్‌లోని సువర్ణభూమి విమానాశ్రయంలో దిగొచ్చు. మన సిమ్‌కు రోమింగ్ వేయించుకోలేదు, అక్కడి సిమ్ ఇంకా కొనలేదు. హోటల్ మాత్రం సుఖుమ్విత్ రోడ్డు, 11వ సోయిలో బుక్ అయి ఉంది. ఈ పరిస్థితిలో కూడా ఇంటర్నెట్ అవసరం లేకుండా హోటల్ రిసెప్షన్ దాకా వెళ్లిపోవచ్చు. కాకపోతే అందులో సగం పని ముందు రోజే, ఇంట్లో వైఫై ఉండగానే అయిపోవాలి.

మొదట టికెట్ మీద దిగే విమానాశ్రయం పేరు చూసుకోండి. బ్యాంకాక్‌కు సువర్ణభూమి, డాన్ మ్యాంగ్ అని రెండు విమానాశ్రయాలున్నాయి. రెండూ ఊరికి చెరో దిక్కున ఉంటాయి. ఒకదానికి రాసుకున్న దారి రెండోదానికి పనికిరాదు.

తర్వాత హోటల్ చిరునామా. బుకింగ్ యాప్‌లో అది ఇంగ్లిష్‌లో ఉంటుంది. థాయ్ లిపిలో ఉన్న చిరునామా కూడా కావాలి. ఇంగ్లిష్ అక్షరాలు చదవలేని డ్రైవర్లు చాలామందే ఉంటారు, పైగా వీధుల పేర్లు మనం పలికే తీరు వాళ్లకు అంతుపట్టదు. హోటల్‌కు మెయిల్ పెట్టి అడిగితే థాయ్ చిరునామా పంపుతారు. దాన్ని పెద్ద అక్షరాల్లో కాగితం మీద ప్రింట్ తీసుకోండి, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ కూడా ఉంచుకోండి. బుకింగ్ యాప్‌నే నమ్ముకుంటే నెట్ లేనప్పుడు అది తెరుచుకోకపోవచ్చు.

అదే కాగితం మీద హోటల్ ఫోన్ నంబర్ రాయండి. వెబ్‌సైట్లో +66 2 అని మొదలయ్యే నంబర్‌ను స్థానికంగా 02తో మొదలుపెట్టి డయల్ చేయాలి. రెండు రకాలుగానూ రాసి పెట్టుకుంటే, దారి తెలియని డ్రైవర్ తన ఫోన్‌తో నేరుగా రిసెప్షన్‌కు కాల్ చేసి మాట్లాడుకుంటాడు. భాష రాని చోట ఇంతకన్నా గట్టి సాయం ఉండదు.

ఇక మ్యాప్. గూగుల్ మ్యాప్స్‌లో బ్యాంకాక్ నగరాన్ని ఆఫ్‌లైన్‌కు డౌన్‌లోడ్ చేసి, హోటల్‌ను సేవ్ చేసి ఉంచండి. జీపీఎస్ సంకేతం ఉపగ్రహాల నుంచి వస్తుంది, దానికి సిమ్‌తో పని లేదు. కాబట్టి డేటా లేకపోయినా మీరెక్కడున్నారో చూపే నీలి చుక్క మ్యాప్ మీద కదులుతూనే ఉంటుంది. రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోవాలి. ఉపగ్రహాలు ఎక్కడున్నాయన్న సమాచారాన్ని ఫోన్ మామూలుగా నెట్ నుంచి త్వరగా తెచ్చుకుంటుంది. నెట్ లేనప్పుడు ఉపగ్రహాల నుంచే నెమ్మదిగా అందుకోవాలి కాబట్టి, చుక్క కుదురుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. భవనం లోపల అసలు కుదరకపోవచ్చు, ఆరుబయట నిలబడి చూడండి. రెండోది, ఆఫ్‌లైన్ మ్యాప్ కారు దారి చెబుతుంది గాని రైలు మార్గం, నడక దారి చెప్పదు. వాటిని ముందే రాసుకోవాలి.

విమానాశ్రయంలో ఉచిత వైఫై ఉంటుంది. దాన్ని ఇంట్లో వాళ్లకు క్షేమంగా దిగామని చెప్పడానికి వాడుకోండి, ప్రయాణాన్ని మాత్రం దాని మీద వదలకండి. అక్కడ యాప్‌లో కారు బుక్ చేసినా, తలుపు దాటి బయటికి నడిచేసరికి వైఫై తెగిపోతే డ్రైవర్ పంపే మెసేజ్ మీకు అందదు. యాప్‌లో కార్డుతో డబ్బు కట్టబోతే ఓటీపీ అడగొచ్చు. రోమింగ్ లేని మన సిమ్‌కు ఆ మెసేజ్ రాదు. హాల్లోనే సిమ్ కౌంటర్లు కూడా ఉన్నాయి. క్యూ చిన్నదైతే కొనుక్కోవచ్చు, లేకపోతే ఆగాల్సిన పని లేదు.

సువర్ణభూమిలో అరైవల్స్ హాలు రెండో అంతస్తులో ఉంటుంది. అక్కడ మీ దగ్గరికొచ్చి టాక్సీ కావాలా అని అడిగేవాళ్ల వెంట వెళ్లకండి. మీటరు టాక్సీలు ఒకటో అంతస్తులో, అంటే నేల మీద ఉంటాయి. ఎస్కలేటర్ దిగి బయటికి వెళితే టోకెన్ యంత్రాలు కనిపిస్తాయి. బటన్ నొక్కితే ఒక చీటీ వస్తుంది, దాని మీద లేన్ నంబర్ పెద్దగా ఉంటుంది. ఆ నంబరు కింద నిలబడ్డ కారే మీది. టాక్సీ వివరాలుండే ఆ చీటీని దిగేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. గొడవ వచ్చినా, బ్యాగు మరిచిపోయినా కారును పట్టుకునే ఆధారం అదే.

ఎక్కగానే థాయ్ చిరునామా కాగితం చూపించి, మీటరు వేశాడో లేదో గమనించండి. మామూలు కారులో మీటరు 35 భాట్లతో మొదలవుతుంది. మీటరు చూపే మొత్తానికి విమానాశ్రయం రుసుము 50 భాట్లు కలపాలి. ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళితే టోల్ గేట్ల దగ్గర డబ్బు ప్రయాణికుడే ఇవ్వాలి. ఈ రెండూ న్యాయమైన ఖర్చులే, మోసం అనుకోనక్కర్లేదు. మీటరు వేయకుండా ఒక మొత్తం చెబితే మాత్రం ఒప్పుకోకండి. వెయ్యి భాట్ల నోటుకు చిల్లర ఉండకపోవచ్చు కాబట్టి వంద నోట్లు దగ్గర పెట్టుకోండి.

పగలు దిగి, సామాను తక్కువగా ఉంటే రైలు ఇంకా చవక. బేస్‌మెంట్‌లో ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ స్టేషన్ ఉంది. రైళ్లు తెల్లవారుజామున మొదలై అర్ధరాత్రి దాకా తిరుగుతాయి. చివరి స్టేషనైన ఫయా థాయ్‌కి దాదాపు అరగంట, టికెట్ 45 భాట్లు. అక్కడ దిగి, పైన నడిచే బీటీఎస్ రైలు సుఖుమ్విత్ లైన్‌లో సియామ్ వైపు వెళ్లేది ఎక్కాలి. ఈ లైను టికెట్ వేరు. రాచథేవీ, సియామ్, చిట్ లోమ్, ఫ్లోన్ చిట్ దాటితే ఐదో స్టేషన్ నానా. ఈ పేర్లు వరసగా కాగితం మీద ఉంటే మ్యాప్ చూడాల్సిన పనే లేదు.

నానాలో దిగాక చాలామంది తికమకపడేది సోయిల దగ్గర. సోయి అంటే పెద్ద రోడ్డు నుంచి చీలే సందు. సుఖుమ్విత్ రోడ్డుకు ఒకవైపు బేసి సంఖ్యల సోయిలు, రెండోవైపు సరి సంఖ్యలవి. అయితే 11కు ఎదురుగా 12 ఉంటుందనుకోకూడదు. రెండు వైపులా సందులు సమానంగా లేవు, ముందుకు పోయేకొద్దీ తేడా పెరుగుతుంది. 55వ సోయికి ఎదురుగా ఉండేది 38వ సోయి. కాబట్టి స్టేషన్‌లోనే బేసి వైపు మెట్లు చూసుకుని దిగండి, సోయి మొదట్లో ఉండే నంబర్ బోర్డు చదవండి. నడుస్తుంటే 7, 9 అని పెరుగుతూ పోతే దారి సరైనదే. తగ్గుతుంటే వెనక్కి తిరగండి.

ఇంకో పొరపాటు ఒకే పేరున్న హోటళ్లతో వస్తుంది. ఒకే సంస్థకు అదే రోడ్డులో రెండు మూడు శాఖలుంటే డ్రైవర్ తనకు తెలిసిన చోటికి తీసుకుపోతాడు. అందుకే హోటల్ పేరుతో పాటు సోయి నంబర్ కూడా చూపించి చెప్పండి. నీలి చుక్క మీరు సేవ్ చేసిన గుర్తుకు దూరమవుతుంటే కారులో ఉండగానే అడగండి, దిగి సామాను దించుకున్నాక కాదు.

నెట్‌వర్క్ అందని ఫోన్‌లో గడియారం మన సమయంలోనే ఉండిపోవచ్చు. థాయ్‌లాండ్ మనకన్నా గంటన్నర ముందుంటుంది, చేత్తో మార్చుకోండి.

ఊరు ఏదైనా ఈ పద్ధతి మారదు. స్థానిక లిపిలో చిరునామా, హోటల్ నంబర్, దారి వరస, చిల్లర డబ్బు. బయలుదేరే ముందు రోజు ఈ నాలుగూ సిద్ధం చేసి, ఆ కాగితానికి రెండు ప్రతులు తీయండి. ఒకటి మీ జేబులో, ఇంకొకటి మీతో వచ్చేవారి జేబులో ఉంచండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా మీ ప్రయాణం ఆగదు.