స్మూతెనింగా, రింగులా?

నున్నగా దువ్వుకుని బయల్దేరిన జుట్టు బస్టాప్ చేరేలోపే పొంగిపోవడం విశాఖ అమ్మాయిలకు కొత్తేమీ కాదు. గాలిలోని తేమ వెంట్రుకలోకి చేరి, దువ్వెన తెచ్చిన ఆకారాన్ని చెరిపేస్తుంది. అయితే చిందరవందర జుట్టు అనిపించేది చాలాసార్లు పొడిగా దువ్వడం వల్ల విడిపోయిన రింగులే. తలస్నానం తర్వాత దువ్వకుండా, చెయ్యి పెట్టకుండా ఆరనిస్తే సంగతి తేలుతుంది. పాయలుగా మెలికలు తిరిగితే అది రింగుల జుట్టే.

పార్లర్లో వినిపించే కెరాటిన్, స్మూతెనింగ్ ఒకటి కాదు. కెరాటిన్ పైపూత లాంటిది. మూడు నాలుగు నెలల్లో మెల్లగా వదిలిపోతుంది. స్మూతెనింగ్‌లో మాత్రం రసాయనం వెంట్రుక లోపలి గంధకపు బంధాలను తెంచుతుంది. ఇస్త్రీ చేసి, మరో మందుతో ఆ బంధాలను తిన్నటి ఆకారంలో బిగిస్తారు. అందుకే అది కడిగితే పోదు.

చిక్కంతా కుదుళ్ల దగ్గర. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఉగాదికి స్మూతెనింగ్ చేయించుకుంటే దసరాకు ఆరేడు సెంటీమీటర్ల రింగులు పైన, తిన్నటి జుట్టు కింద! వానలో తడిస్తే ఆ గీత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మళ్లీ చేయించేటప్పుడు మందు కొత్త జుట్టుకే పట్టాలి. పాత భాగం మీదికి పాకితే ఆ అతుకు దగ్గరే తెగుతుంది. తడి వెంట్రుక రబ్బరులా సాగి వెనక్కి రాకపోతే ఇక మందు ముట్టకపోవడమే మేలు.

కెరాటిన్ నిరపాయమనీ అనుకోలేం. కొన్నింటిలో వేడికి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. దానికి బదులు వాడే గ్లైఆక్సిలిక్ ఆమ్లంతో కిడ్నీలు దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో వచ్చాయి. సీసా మీది పేర్లు చదవనివ్వని పార్లర్‌కు వెళ్లకపోవడమే మంచిది.

రింగులకు ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. కండిషనర్ ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కు తీయాలి. నీళ్లు కారుతున్నప్పుడే జెల్ రాసి, కొసల నుంచి పైకి గుప్పిట్లో నొక్కాలి. పావు కప్పు అవిసె గింజలను రెండు కప్పుల నీళ్లలో గుడ్డులోని తెల్లసొనలా జారేదాకా మరిగించి, వేడిమీదే వడకడితే జెల్ సిద్ధం. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. ఆరాక జుట్టు అట్టలా గట్టిపడితే చాలామంది కంగారుపడి కడిగేస్తారు. పూర్తిగా ఆరనిచ్చి మెల్లగా నలిపితే అట్ట విడిపోయి రింగులు నిలుస్తాయి. ఆరకముందే ముట్టుకుంటే శ్రమంతా వృథా.

రోజూ పొద్దున్నే తలస్నానం చేసి, తడి జుట్టుతోనే ఆఫీసుకు పరుగెత్తేవాళ్లకు ఇది కుదరడం కష్టం. వాళ్లు ఏదో ఒకటి చేయించుకోవాలనుకుంటే ముందు కెరాటిన్ వైపు చూడొచ్చు. నచ్చకపోతే కొన్ని నెలల్లో వదిలిపోతుంది. స్మూతెనింగ్ నచ్చకపోతే మాత్రం భుజాల దాకా ఉన్న జుట్టు పూర్తిగా మారడానికి, కొసలు కత్తిరించుకుంటూ రెండేళ్లకు పైగానే ఆగాలి.